ఒక్క బ్రౌజర్‌లోనే పలకని ‘పే’ బటన్: బగ్ రిపోర్ట్ ఎలా రాస్తారు?

చెకౌట్ పేజీ ఒక్క మొబైల్ బ్రౌజర్‌లోనే మొరాయిస్తే, టెస్టర్ రాసే బగ్ రిపోర్ట్‌లో అన్నిటికన్నా విలువైనది హద్దు: ఎక్కడిదాకా పనిచేస్తోంది, ఎక్కణ్ణుంచి ఆగిపోతోంది. ‘సఫారీలో పేమెంట్ అవడం లేదు’ అని రాసి పంపితే డెవలపర్ తన కొత్త ఐఫోన్‌లో తెరిచి చూస్తాడు. అక్కడ అంతా బాగానే ఉంటుంది. ‘నా దగ్గర పనిచేస్తోంది’ అని రాసి రిపోర్ట్‌ను మూసేస్తాడు.

చీరలు అమ్మే ఒక వెబ్‌సైట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1,499 రూపాయల చీర కార్ట్‌లో ఉంది. ఐఫోన్ 7లో సఫారీ తెరిచి ‘పే’ బటన్ నొక్కితే ఏమీ జరగదు. లోడింగ్ గుర్తు తిరగదు, ఎర్ర అక్షరాల హెచ్చరిక రాదు. అదే ఆర్డర్ ఆండ్రాయిడ్ క్రోమ్‌లో నిమిషంలో పూర్తవుతుంది.

ఇక్కడ టెస్టర్ ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి చూడాలి. మొదట అదే ఐఫోన్‌లో క్రోమ్‌తో ప్రయత్నిస్తే అక్కడా బటన్ పలకదు. ఆ ఫోన్‌లో క్రోమ్ పైపై రూపమే వేరు, లోపల పేజీని నడిపేది సఫారీకి ఉన్న వెబ్‌కిట్ ఇంజినే. అంటే తప్పు సఫారీ యాప్‌ది కాదు. తర్వాత ఐఓఎస్ 17 ఉన్న మరో ఐఫోన్‌లో చూస్తే పేమెంట్ సాఫీగా అవుతుంది. దాంతో ‘సఫారీ’ అన్న మాట పోయి, ‘పాత ఐఓఎస్’ అన్న కచ్చితమైన హద్దు దొరికింది. లాప్‌టాప్ క్రోమ్‌లో ‘మొబైల్ వ్యూ’ పెట్టి పరీక్షించడం ఈ పనికి కొరగాదు. అది తెర కొలతనూ, బ్రౌజర్ చెప్పుకునే పేరునూ మారుస్తుందే గానీ ఇంజిన్‌ను మార్చదు. ఇలాంటి బగ్‌లు టెస్టింగ్‌ను దాటి కొనేవాళ్ల దాకా వెళ్లడానికి ఒక కారణం ఇదే.

ఇప్పుడు ఆధారం కావాలి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో సఫారీ కింద, అడ్వాన్స్‌డ్ విభాగంలో Web Inspector ఆన్ చేసి, ఫోన్‌ను కేబుల్‌తో మ్యాక్‌కు కలిపితే, మ్యాక్ సఫారీలోని Develop మెనూలో ఆ ఫోన్ కనిపిస్తుంది. పేజీని మళ్లీ లోడ్ చేయగానే కన్సోల్‌లో ఈ వరుస వస్తుంది:

```
SyntaxError: Invalid regular expression: invalid group specifier name
```

టెస్టర్ దీన్ని అక్షరం పొల్లు పోకుండా రిపోర్ట్‌లో అతికించాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే ఆ వాక్యాన్ని ఎవరూ వెతకలేరు. బటన్ నొక్కినప్పుడు సర్వర్‌కు ఒక్క అభ్యర్థన కూడా వెళ్లలేదన్న సంగతీ రాయాలి. పేమెంట్ గేట్‌వే వాళ్లను అనుమానించే పని దాంతో తప్పుతుంది.

అసలు కారణం ధరలో కామాలు పెట్టే ఈ చిన్న కోడ్:

```
amount.replace(/(?<=\d)(?=(\d\d)+\d$)/g, ',')
```

`(?<=` అంటే ‘దీనికి ముందు ఏముందో చూడు’ అని అర్థం. క్రోమ్‌కు ఇది 2017 నుంచే తెలుసు. ఐఫోన్‌కు తెలిసింది 2023 మార్చిలో, ఐఓఎస్ 16.4తో. అంతకు ముందున్న వెర్షన్లు ఫైల్‌ను చదివే దశలోనే దీన్ని తప్పుగా లెక్కగట్టి, ఆ ఫైల్‌లో ఒక్క వరుసను కూడా నడపవు. బటన్‌కు పని అప్పజెప్పే కోడ్ కూడా అదే ఫైల్‌లో ఉంది కాబట్టి అదీ ఆగిపోయింది. పేజీ రూపం, కార్ట్ మొత్తం సర్వర్ నుంచి సిద్ధంగా వచ్చాయి గనుక కంటికి ఏ లోపమూ కనిపించదు.

ఈ కారణం టెస్టర్‌కు తెలిసినా రిపోర్ట్‌లో దాన్ని ‘అనుమానం’ అన్న శీర్షిక కింద వేరుగా రాయడమే పద్ధతి. కళ్లతో చూసినదీ ఊహించినదీ కలిపేస్తే, ఊహ తప్పినప్పుడు చూసిన దాన్నీ ఎవరూ నమ్మరు. శీర్షిక మాత్రం సూటిగా ఉండాలి: ‘ఐఓఎస్ 15 ఐఫోన్‌లో (సఫారీ, క్రోమ్ రెండూ) చెకౌట్ పేజీలో పే బటన్ పనిచేయడం లేదు, ఐఓఎస్ 17లో, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో బాగుంది.’ దాని కింద ఫోన్ మోడల్, వెర్షన్, మొదటి నుంచి చేసిన పనుల వరుస, జరగాల్సింది, జరిగింది రాస్తారు. 16.0 నుంచి 16.3 వరకు పరీక్షించే ఫోన్ లేకపోతే ఆ మాటా దాచకూడదు. వీడియోలో అసలు కార్డు నంబరు కనబడనివ్వకూడదు, టెస్ట్ కార్డే వాడాలి.

తీవ్రత దగ్గర వాదన రావడం ఖాయం. ‘ఫోన్ అప్‌డేట్ చేసుకోమనండి’ అని ఎవరో ఒకరు అంటారు. ఐఫోన్ 7కు ఐఓఎస్ 16 రాలేదు, సఫారీ కొత్త ఇంజిన్ ఐఓఎస్‌తో పాటే వస్తుంది. కాబట్టి ఆ ఫోన్ ఉన్నవాళ్ల చేతిలో ఏమీ లేదు. తీవ్రత ఎక్కువే, ఎందుకంటే వాళ్లు ఆ సైట్‌లో కొనలేరు. ఎంత త్వరగా సరిచేయాలన్నది అలాంటి ఫోన్లతో వచ్చేవాళ్లు ఎందరన్న దాన్ని బట్టి తేలుతుంది, ఆ నిర్ణయం టెస్టర్‌ది కాదు.

సవరణ చిన్నదే. `(?<=\d)` బదులు `\B` పెడితే చాలు. ఆ తర్వాత టెస్టర్ అదే ఐఫోన్ 7లో అదే వరుసలో మళ్లీ చూస్తారు. బటన్ పలికితే సరిపోదు, ధరలూ చూడాలి: 499కి కామా రాకూడదు, 1499 1,499గా, 124999 1,24,999గా కనిపించాలి. ఆండ్రాయిడ్‌లోనూ ఇదంతా మరోసారి సరిచూశాకే రిపోర్ట్‌ను మూసేస్తారు.