బీజింగ్ గడియారం, కాష్గర్ సూర్యుడు

చైనా పశ్చిమపు కొసన, షిన్‌జియాంగ్ ప్రాంతంలో కాష్గర్ అనే పాత వర్తక పట్టణం ఉంది. డిసెంబరులో అక్కడ ఉదయం తొమ్మిది గంటలకు వీధిలోకి వస్తే ఇంకా చీకటే. సూర్యుడు పొడిచేసరికి పది దాటి పావుగంట అవుతుంది. జూన్‌లో రాత్రి పది గంటలకు కూడా పొద్దు పూర్తిగా వాలదు. కాష్గర్ ధ్రువాల దగ్గర ఉన్న ఊరేమీ కాదు. అక్కడి గడియారాలన్నీ దాదాపు మూడున్నర వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న బీజింగ్ సమయాన్ని చూపించడమే ఇందుకు కారణం. దేశమంతటికీ చట్టం ప్రకారం ఒకటే సమయం.

లెక్క చేస్తే విషయం తేటపడుతుంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. పాత తెలుగు కొలతలో చెప్పాలంటే ఆరు రేఖాంశాలు దాటితే ఒక ఘడియ తేడా. పంచాంగంలో సూర్యోదయాన్ని ఊరిని బట్టి సవరించుకోవాలని చెప్పడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. చైనా అధికారిక సమయం గ్రీనిచ్ కంటే ఎనిమిది గంటలు ముందు ఉంటుంది, అంటే అది 120 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సమయం. కాష్గర్ 76 డిగ్రీల దగ్గర ఉంది. తేడా 44 డిగ్రీలు, నాలుగుతో గుణిస్తే 176 నిమిషాలు. సూర్యుడు నడినెత్తిన ఉండే వేళకు కాష్గర్ గడియారంలో దాదాపు మూడు గంటలవుతుంది. బీజింగ్ 116 డిగ్రీలు దాటిన చోట ఉంది కాబట్టి అక్కడ ఈ తేడా పావుగంటకు లోపే.

చైనాకు ఈ పద్ధతి మొదటినుంచీ లేదు. కమ్యూనిస్టులు అధికారంలోకి రాకముందు, రిపబ్లిక్ పాలనలో దేశాన్ని ఐదు కాలమండలాలుగా విభజించారు. యుద్ధాలు, అంతర్యుద్ధం మధ్య ఆ విభజన పూర్తిగా అమలు కాలేదు. 1949 తర్వాత కొత్త ప్రభుత్వం వాటిని పక్కనపెట్టి దేశమంతా బీజింగ్ సమయమే పాటించాలని నిర్ణయించింది. చీలికలతో నలిగిపోయిన దేశాన్ని ఒక్క తాటి మీదికి తేవాలనుకున్న పాలకులకు గడియారం కూడా పనికొచ్చింది. అయితే రాజకీయ సంకల్పం ఒక్కటే ఉంటే ఈ ఏర్పాటు ఇన్ని దశాబ్దాలు నిలిచేది కాదు. చైనా జనాభా తూర్పున కిక్కిరిసి ఉంది. ఈశాన్యంలోని హేహే నుంచి నైరుతిలోని తెంగ్‌చోంగ్ వరకు పటం మీద ఒక గీత గీస్తే, ఆ గీతకు తూర్పున ఉండేది సగం కంటే తక్కువ నేల, నూటికి తొంభై మందికి పైగా జనం. హు హ్వాన్‌యోంగ్ అనే భూగోళ శాస్త్రవేత్త 1935లోనే ఈ గీతను చూపించాడు. అంటే చైనీయుల్లో చాలామందికి బీజింగ్ సమయం ఇబ్బంది పెట్టేంత దూరంలో లేదు. దాని భారమంతా పశ్చిమాన పలచగా ఉన్న జనం మీద పడింది.

ఆ జనం సూర్యుణ్ని వదిలి గడియారాన్ని నమ్ముకోలేదు. షిన్‌జియాంగ్‌లో ప్రభుత్వ కార్యాలయాలు సాధారణంగా ఉదయం పది ప్రాంతంలో తెరుస్తారు. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో భోజనానికి ఆపి, మళ్లీ నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా పని చేస్తారు. గడియారం బీజింగ్‌దే అయినా దినచర్య రెండు గంటలు వెనక్కి జరిగిందన్నమాట. ఇది కాక ఉయ్‌ఘర్లలో చాలామంది ఇంట్లో, బజారులో బీజింగ్ కంటే రెండు గంటలు వెనకుండే స్థానిక సమయాన్నే వాడుతూ వచ్చారు. దాన్ని ఉరుంచి సమయం అనీ, షిన్‌జియాంగ్ సమయం అనీ అంటారు. ప్రపంచంలోని కంప్యూటర్లు, ఫోన్లు వాడే సమయాల జాబితాలో కూడా దానికి చోటుంది: చైనా సమయం `Asia/Shanghai`, ఉరుంచి సమయం `Asia/Urumqi`.

ఒక ఊళ్లో రెండు గడియారాలుంటే చిక్కు ఎక్కడొస్తుందో చిన్న ఉదాహరణతో చూడవచ్చు. రైలు, విమానం, బ్యాంకు అన్నీ బీజింగ్ సమయమే. టికెట్ మీద ఎనిమిది అని ఉంటే అది బీజింగ్ ఎనిమిదే, స్థానిక లెక్కలో ఇంకా ఆరు. దాన్ని స్థానిక సమయం అనుకున్నవాడు రైలు వెళ్లిపోయిన రెండు గంటలకు స్టేషన్ చేరతాడు. అదే ఎనిమిది గంటలకు భోజనానికి రమ్మని ఒక ఉయ్‌ఘర్ కుటుంబం పిలిస్తే అది బీజింగ్ లెక్కన పది కావచ్చు. అందుకే అక్కడ వేళ చెప్పినవాణ్ని ఏ సమయం అని తిరిగి అడగడం మామూలు. మాట తూలకుండా కనిపెట్టే దారీ ఒకటుంది. మధ్యాహ్న భోజనం ఎప్పుడు అని అడిగితే పన్నెండు అన్నవాడు స్థానిక సమయం చెబుతున్నాడు, రెండు అన్నవాడు బీజింగ్ సమయం చెబుతున్నాడు. హాన్ చైనీయులు ఎక్కువగా బీజింగ్ సమయం, ఉయ్‌ఘర్లు ఎక్కువగా స్థానిక సమయం చెప్పడంతో, చేతి గడియారంలోని ముల్లు మనిషి ఎవరి వాడో చెప్పే గుర్తుగా కూడా మారింది. కలపడానికి పెట్టిన సమయం విడదీసే గీతగా మారడం ఈ కథలో అన్నిటికంటే బాధాకరమైన సంగతి.

ఇక రష్యా దారి వేరు. పశ్చిమాన కలినిన్‌గ్రాద్ నుంచి తూర్పున కమ్చాత్కా దాకా అక్కడ 11 కాలమండలాలున్నాయి. ఎక్కడి పొద్దుకు తగ్గట్టు అక్కడి గడియారం నడుస్తుంది కాబట్టి కమ్చాత్కా పిల్లవాడు బడికి పోవడానికి మాస్కో గడియారం చూడనక్కర్లేదు. అయితే ఇబ్బంది మాయమైపోలేదు, ఇంకోచోట తేలింది. మాస్కోకూ కమ్చాత్కాకూ తేడా తొమ్మిది గంటలు. మాస్కో కార్యాలయంలో ఉదయం తొమ్మిదికి బల్ల ముందు కూర్చునేసరికి కమ్చాత్కాలో సాయంత్రం ఆరు, అక్కడి ఉద్యోగి ఇంటికి బయల్దేరుతుంటాడు. ఒకే దేశపు రెండు కార్యాలయాలకు కలిసి పనిచేసే గంట ఒక్కటీ ఉండదు.

దీన్ని తగ్గించాలని అధ్యక్షుడు మెద్వెదెవ్ కాలంలో 2010లో మండలాలను 11 నుంచి 9కి కుదించారు. కమ్చాత్కా గడియారాన్ని ఒక గంట మాస్కో వైపు జరిపారు, వోల్గా తీరాన ఉన్న సమారాను మాస్కో సమయంలోనే కలిపేశారు. 2011లో మరో అడుగు వేసి, వేసవిలో గంట ముందుకు తిప్పే గడియారాన్ని ఏడాది పొడవునా అలాగే ఉంచేశారు. దాంతో చలికాలంలో మాస్కోలో కూడా తెల్లారేసరికి పది అయ్యేది. చీకట్లో లేచి చీకట్లో పనికి పోవడం జనానికి రుచించలేదు. 2014 అక్టోబరులో దేశంలో చాలాచోట్ల గడియారాలను గంట వెనక్కి తిప్పి అలాగే స్థిరం చేశారు, 11 మండలాలు తిరిగి వచ్చాయి. సమారా మళ్లీ మాస్కో కంటే గంట ముందుకు వెళ్లింది.

ఇన్ని మండలాల దేశంలోనూ ఒక చోట మాత్రం ఒక్క గడియారమే రాజ్యమేలింది. అది రైల్వే. మాస్కో నుంచి వ్లాదివోస్తోక్‌కు 9,289 కిలోమీటర్ల దారి, దాదాపు వారం ప్రయాణం, గడియారంలో ఏడు గంటల తేడా. ఒక్కో మండలంలో ఒక్కో సమయం పాటిస్తే పట్టికలు గజిబిజి అవుతాయని దారి పొడవునా మాస్కో సమయమే వాడేవారు. వ్లాదివోస్తోక్‌లో టికెట్ మీద సాయంత్రం ఐదు అని ఉంటే ఆ బండి కదిలేది ఊరివాళ్ల లెక్కలో అర్ధరాత్రి. తారీఖు మారే చోట పొరపాటు ఇంకా పెద్దది, ఎందుకంటే ఏ రోజు స్టేషన్‌కు వెళ్లాలో కూడా తప్పిపోవచ్చు. 2018 ఆగస్టు నుంచి ప్రయాణికుల టికెట్ల మీద స్థానిక సమయం ముద్రించడం మొదలుపెట్టారు. అంటే కాష్గర్ ప్రయాణికుడికి ఇప్పటికీ ఉన్న చిక్కే నిన్నమొన్నటి దాకా వ్లాదివోస్తోక్ ప్రయాణికుడికీ ఉండేది.

భారతదేశం ఈ రెండింటి మధ్య ఉంది. పడమర కొసన 68 డిగ్రీల నుంచి తూర్పు కొసన 97 డిగ్రీల దాకా 29 డిగ్రీల వెడల్పు, సూర్యుడి లెక్కలో రెండు గంటలకు కాస్త తక్కువ. బ్రిటిష్ కాలంలో బొంబాయికి, కలకత్తాకు, మద్రాసుకు వేర్వేరు సమయాలుండేవి. ఇప్పటి ప్రామాణిక సమయానికి ఆధారం 82½ డిగ్రీల రేఖాంశం. అది ఉత్తరాన మీర్జాపూర్ దగ్గరా, దక్షిణాన కాకినాడకు కొంచెం తూర్పుగానూ పోతుంది. అందుకే సగటున చూస్తే కాకినాడలో గడియారం పన్నెండు కొట్టే వేళకే సూర్యుడు నడినెత్తికి వస్తాడు, హైదరాబాద్‌లో పావుగంట తర్వాత వస్తాడు. ఈ మధ్య ప్రాంతాల వాళ్లకు సమయం గురించి ఫిర్యాదు లేకపోవడానికి కారణం ఇదే.

ఫిర్యాదు ఈశాన్యానిది. గువాహటిలో సూర్యుడు పదకొండున్నర లోపే నడినెత్తికి వస్తాడు. జూన్‌లో నాలుగున్నరకే తెల్లారుతుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. పదింటికి తెరిచే కార్యాలయానికి వచ్చేసరికి వేసవిలో ఐదు గంటల వెలుతురు వృథా అయిపోతుంది. అస్సాం తేయాకు తోటలు దీన్ని ఎప్పుడో సర్దుకున్నాయి. తోటల్లో గడియారం దేశ సమయం కంటే గంట ముందు నడుస్తుంది, దాన్ని బాగాన్ టైమ్ అంటారు. 1951 నాటి తోట కార్మికుల చట్టం స్థానిక పని సమయాన్ని నిర్ణయించుకునే వీలు కల్పించింది. షిన్‌జియాంగ్‌లో గడియారాన్ని అలాగే ఉంచి పనివేళలు వెనక్కి జరిపితే, అస్సాం తోటల్లో గడియారాన్నే ముందుకు జరిపారు.

దేశ సమయాన్ని నిలిపే బాధ్యత ఉన్న నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు 2018లో రెండు సమయాల ప్రతిపాదనను ప్రచురించారు. పశ్చిమ బెంగాల్, అస్సాం సరిహద్దుకు తూర్పున ఉన్న రాష్ట్రాలకూ, అండమాన్ నికోబార్ దీవులకూ గంట ముందుండే సమయం ఇవ్వాలన్నది దాని సారం. మండలాలు రెండైతే అందరికీ ముందుగా భయం వేసేది రైళ్ల గురించి. ఒక బండి పాత సమయంలో, ఎదురొచ్చే బండి కొత్త సమయంలో నడిస్తే ఒకే పట్టా మీద రెండూ తలపడే ప్రమాదం ఉంటుంది. ఆ హద్దు దగ్గర భూభాగం ఇరుకుగా ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. బళ్లు హద్దు దాటే చోట్లు కొన్నే, గడియారం మార్చే పనిని న్యూ కూచ్ బెహార్, అలీపుర్‌దువార్ స్టేషన్ల దగ్గర చేతితోనే చేయవచ్చని శాస్త్రవేత్తలు చూపించారు. కేంద్రం మాత్రం దేశమంతటికీ ఒకే సమయాన్ని కొనసాగిస్తోంది. తేయాకు తోటల్లో బాగాన్ టైమ్ దాని పక్కనే నడుస్తోంది.