అలెగ్జాండ్రియా గ్రంథాలయం: ప్రతుల సేకరణ, క్షీణత - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టు రేవుపట్టణమైన అలెగ్జాండ్రియాలో టాలమీ రాజులు నెలకొల్పిన గ్రంథాలయం ఒక్క అగ్నిప్రమాదంలో నశించిందన్న అభిప్రాయం విస్తృతంగా వ్యాప్తిలో ఉంది. ఆ గ్రంథాలయం ప్రతులను సేకరించిన పద్ధతిని, దాని అంతాన్ని గురించిన ప్రాచీన సాక్ష్యాలను పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాజాదరణ సన్నగిల్లి, పాతప్రతులకు కొత్తప్రతులు రాయించే పని కుంటుపడటమే క్షీణతకు ప్రధానకారణం కావచ్చునని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అలెగ్జాండ్రియా, టాలమీలు, పపైరస్, గాలెన్, ప్రత్యంతరాలు, పాఠపరిష్కరణ, సెరాపియం.

1. ప్రవేశిక

అలెగ్జాండర్ క్రీ.పూ. 331లో స్థాపించిన అలెగ్జాండ్రియా, అతని మరణానంతరం టాలమీ వంశీయులకు రాజధాని అయింది. వారు రాజప్రాసాదాల ఆవరణలో ‘మ్యూసెయాన్’ అనే విద్వత్పీఠాన్ని నెలకొల్పారు. అది గ్రీకు కళాదేవతలకు అంకితమైన సంస్థ. దానికి ఒక అర్చకుడు అధిపతి. అందులోని పండితులు రాజుగారి ఖర్చుతో సహపంక్తి భోజనం చేస్తూ అధ్యయనం సాగించేవారు. గ్రంథాలయం ఈ పీఠానికి అనుబంధంగా పెరిగింది. అందువల్ల దాని పోషణ మొదటినుంచీ రాజు ఇష్టాయిష్టాలపైన, రాజకోశంపైన ఆధారపడింది. సేకరణలో దానికి బలమైన ఈ అంశమే తరువాతి కాలంలో బలహీనతగా మారింది.

2. ఓడల నుండి వచ్చిన ప్రతులు

గ్రంథసేకరణ విధానాన్ని తెలిపే విలువైన సాక్ష్యం క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ రచనలలో ఉంది. హిపోక్రాటిస్ పేరున ఉన్న ‘ఎపిడెమిక్స్’ మూడవ భాగానికి రాసిన వ్యాఖ్యలో అతడు ఈ విషయాన్ని ప్రస్తావించాడు. రేవుకు వచ్చే ఓడలలో ఏ పుస్తకమున్నా స్వాధీనం చేసుకోవాలని టాలమీ రాజు ఆజ్ఞాపించాడు. దానికి కొత్తప్రతి రాయించి, ఆ కొత్తప్రతిని యజమానికి ఇచ్చి, మూలప్రతిని గ్రంథాలయానికి ఉంచుకునేవారు. ఇలా చేరిన పుస్తకాలను వెంటనే గ్రంథాలయంలో పెట్టేవారు కాదు. ముందు కొన్ని భవనాలలో కుప్పగా వేసి ఉంచేవారు. వాటిపై ‘ఓడల నుండి వచ్చినవి’ అని గుర్తు రాసేవారు.

ఈ గుర్తు ఎంతటి పనికి వచ్చిందో గాలెన్ చెప్పిన ఉదంతమే తెలుపుతుంది. ‘ఎపిడెమిక్స్’ మూడవ భాగంలో రోగుల వృత్తాంతాల చివర కొన్ని సంకేతాక్షరాలు కనిపించేవి. రోగి కోలుకుంటే ఉప్సిలాన్, మరణిస్తే థీటా అన్న అక్షరం చివర ఉండేది. వీటిని హిపోక్రాటిసే రాశాడని కొందరు వైద్యులు వాదించారు. పాంఫీలియాలోని సైడ్ నగరానికి చెందిన మ్నెమోన్ అనే వైద్యుడు చేర్చినవని మరికొందరు అన్నారు. అతడు గ్రంథాలయం నుండి ప్రతిని చదవడానికి తీసుకొని, అదే రకం సిరాతో, అదే తీరు అక్షరాలతో వీటిని చేర్చి తిరిగి ఇచ్చాడని ఒక కథనం. తన దేశం నుండి తెచ్చిన ప్రతి ఓడ నుండి గ్రంథాలయానికి చేరిందని మరొక కథనం. ఆ ప్రతిపై ఓడల గుర్తుతోపాటు మ్నెమోన్ పేరు కూడా ఉందని గాలెన్ తెలిపాడు. ఈ వివాదంలో ప్రతివాదులు రాజగ్రంథాలయంలోని ప్రతిని, ఓడల నుండి వచ్చిన ప్రతులను, బాకియస్ అనే పండితుని పరిష్కరణను విడివిడిగా ఎత్తిచూపారు.

అంటే ఒకే గ్రంథానికి అనేక ప్రత్యంతరాలు అక్కడ చేరాయి. ఏ ప్రతి ఎక్కడిదో గుర్తు ఉంది. ప్రక్షిప్తాన్ని నిగ్గుతేల్చడానికి ఆ గుర్తు ఆధారమైంది. వ్రాతప్రతులతో పనిచేసిన పరిష్కర్తలకు ఈ పద్ధతి పరిచితమైనదే. కాగా, రాజులు పాతప్రతులకు అధికమూల్యం చెల్లించడం వల్ల ఒక అనర్థమూ కలిగింది. అలెగ్జాండ్రియా, పెర్గమం రాజులు పుస్తకాల కోసం పోటీపడుతున్న కాలంలో డబ్బుకోసం ప్రసిద్ధుల పేర్లు తగిలించిన గ్రంథాలు పుట్టుకొచ్చాయని గాలెనే మరొకచోట పేర్కొన్నాడు.

3. ఏథెన్స్ నాటకప్రతులు

గాలెన్ అదే వ్యాఖ్యలో చెప్పిన రెండవ సంఘటన మరింత ప్రసిద్ధమైనది. ఈస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్ నాటకాలకు ఏథెన్స్ నగరం అధికారిక ప్రతులను భద్రపరిచింది. నటులు పాఠాన్ని ఇష్టానుసారం మార్చకుండా చేయడం దాని ఉద్దేశం. వాటిని చూసి ప్రతులు రాయించుకొని తిరిగి ఇస్తానని చెప్పి, టాలమీ రాజు 15 టాలెంట్ల వెండిని హామీగా చెల్లించాడు. ఏథెన్స్ తూకంలో ఒక టాలెంట్ సుమారు 26 కిలోలు. అంటే మొత్తం 390 కిలోల వెండి. ప్రతులు అందిన తరువాత శ్రేష్ఠమైన పపైరస్‌పై అందంగా కొత్తప్రతులు రాయించి, వాటినే ఏథెన్స్‌కు పంపి, మూలాలను తన వద్ద ఉంచుకున్నాడు. వెండిని వారే ఉంచుకోవచ్చునని కబురు చేశాడు. హామీ సొమ్మును అంగీకరించిన ఏథెన్స్‌వాసులు చేయగలిగింది లేకపోయింది.

ఈ రెండు సంఘటనలలోనూ రాజు మూలప్రతినే కోరుకున్నాడు. కొత్తప్రతి ఎంత అందమైనదైనా లేఖకుని ప్రమాదాలు అందులో చేరతాయని ఆ పండితులకు తెలుసు. ఒకే రచనకు చెందిన ప్రతులు ఇలా ఒకచోట చేరడం వల్లనే జెనొడొటస్, అరిస్టార్కస్ వంటివారు హోమర్ కావ్యాల పాఠభేదాలను పోల్చి పరిష్కరించగలిగారు. కాలిమాకస్ ‘పినకెస్’ పేరుతో 120 చుట్టల గ్రంథకర్తృసూచిని కూర్చగలిగాడు.

4. కొత్తప్రతుల అవసరం

గ్రంథాలయంలోని చుట్టల సంఖ్యపై ప్రాచీనులు ఏకాభిప్రాయంతో లేరు. ‘అరిస్టియాస్ లేఖ’లో 2,00,000 అనీ, ఔలస్ గెల్లియస్ రచనలో దాదాపు 7,00,000 అనీ ఉంది. ఇవి చుట్టల లెక్కలే గాని గ్రంథాల లెక్కలు కావు. హోమర్ ‘ఇలియడ్’ ఒక్కటే 24 భాగాలు. వీటిలో ఏ సంఖ్యనూ యథాతథంగా స్వీకరించడం కష్టం.

సంఖ్య ఎంతైనా పపైరస్ స్వభావం ఒక్కటే. ఎండిన ఎడారి ఇసుకలో అది వేల సంవత్సరాలు నిలిచింది. ఆక్సిరింకస్ తవ్వకాలలో లభించిన పపైరస్‌లు అందుకు నిదర్శనం. సముద్రతీరపు తేమలో, నిత్యం విప్పి చుట్టే వాడుకలో అది అంతకాలం నిలవదు. దాదాపు 200 సంవత్సరాల నాటి గ్రాకస్ సోదరుల స్వహస్తలిఖితాలను చూశానని ప్లినీ ప్రత్యేకంగా పేర్కొన్నాడంటే, అంతటి ఆయుర్దాయం రోమన్ల దృష్టిలోనూ చెప్పుకోదగినదే. ఊహకు ఒక లెక్క వేయవచ్చు. లక్ష చుట్టలున్న గ్రంథాలయంలో ఒక్కొక్కటి 200 ఏళ్లు మన్నుతుందనుకుంటే, ఉన్నవాటిని నిలుపుకోవడానికే ఏటా 500 చుట్టలను తిరిగి రాయించాలి. తాళపత్రాలను తరతరాలుగా తిరగరాసినవారికి ఈ శ్రమ అర్థమవుతుంది. లేఖకులకు వేతనం ఆగిపోతే ఏ శత్రువూ రాకుండానే గ్రంథాలయం తరిగిపోతుంది.

5. అగ్నిప్రమాద కథనాల పరిశీలన

క్రీ.పూ. 48లో అలెగ్జాండ్రియాలో ముట్టడికి గురైన జూలియస్ సీజర్ రేవులోని ఓడలకు నిప్పు పెట్టించాడు. ఆ మంటల్లో పుస్తకాలు కాలాయని తరువాతి రచయితలు అన్నారు. కాని సీజర్ తన రచనలో పుస్తకాల మాట ఎత్తలేదు. సుమారు వందేళ్ల తరువాత సెనెకా 40,000 చుట్టలు కాలిపోయాయన్నాడు. ప్లూటార్క్ మహాగ్రంథాలయమే నశించిందన్నాడు. కేషియస్ డియో మాత్రం ధాన్యపు గిడ్డంగులు, పుస్తకాల గిడ్డంగులు కాలాయని రాశాడు. ఓడల నుండి తీసిన పుస్తకాలను ముందు వేరే భవనాలలో ఉంచేవారన్న గాలెన్ మాటను దీనితో కలిపి చదివితే, కాలినవి రేవు సమీపపు నిల్వలు కావచ్చునన్న వివరణ సమంజసంగా తోస్తుంది.

దీనికి బలమైన ఆధారం సూటోనియస్ రచనలో ఉంది. క్రీ.శ. 81 నుండి 96 వరకు పాలించిన డొమీషియన్ చక్రవర్తి, రోమ్‌లో కాలిపోయిన గ్రంథాలయాలను పునరుద్ధరించడానికి లేఖకులను అలెగ్జాండ్రియాకు పంపి, అక్కడి ప్రతులను చూసి రాయించి, సరిదిద్దించాడు. సీజర్ మంటలకు దాదాపు 130 ఏళ్ల తరువాత కూడా అలెగ్జాండ్రియా ప్రతులు ప్రామాణికంగా ఉన్నాయని దీనివల్ల స్పష్టమవుతుంది.

క్రీ.శ. 642లో అరబ్బులు నగరాన్ని గెలిచాక ఖలీఫా ఉమర్ ఆజ్ఞతో పుస్తకాలను 4,000 స్నానశాలలకు ఆరు నెలలపాటు వంటచెరకుగా వాడారన్న కథ మరొకటి. ఇది 13వ శతాబ్దపు రచనలలోనే తొలిసారిగా వివరంగా కనిపిస్తుంది. అందులో ఖలీఫా సేనానితో సంభాషించినట్లు చెప్పిన జాన్ ఫిలోపోనస్ అప్పటికి ఎన్నో ఏళ్ల ముందే మరణించాడు. కనుక ఈ కథ చారిత్రకసాక్ష్యంగా నిలవదు.

6. క్షీణతా క్రమం

క్షీణతకు తొలి గుర్తు మంటలకు దాదాపు వందేళ్ల ముందే కనిపిస్తుంది. క్రీ.పూ. 145 ప్రాంతంలో సింహాసనమెక్కిన ఎనిమిదవ టాలమీ, తన ప్రత్యర్థి పక్షంవారని భావించిన పండితులను వెళ్లగొట్టాడు. గ్రంథాలయాధిపతి అరిస్టార్కస్ సైప్రస్‌కు వెళ్లిపోయాడు. ఆక్సిరింకస్‌లో లభించిన ఒక పపైరస్‌లో గ్రంథాలయాధిపతుల జాబితా ఉంది. అరిస్టార్కస్ తరువాత అందులో కనిపించే పేరు బల్లెపు దళానికి చెందిన కైడస్ అనే సైనికునిది. జెనొడొటస్, ఎరటోస్తనీస్ కూర్చున్న పీఠం రాజభక్తికి బహుమానమైపోయింది.

రోమన్ల కాలంలో మ్యూసెయాన్ కొనసాగింది, క్లాడియస్ దానిని విస్తరించాడు కూడా. కాని గ్రంథాలయం అప్పటికి సామ్రాజ్యంలోని అనేక గ్రంథాలయాలలో ఒకటి మాత్రమే. క్రీ.శ. 215లో కారకల్లా నగరవాసులను ఊచకోత కోయించి, అరిస్టాటిల్ మతానుయాయులైన తత్త్వవేత్తలకు సహపంక్తి భోజనాలను, ఇతర సౌకర్యాలను రద్దు చేశాడు. 272లో ఆరేలియన్ యుద్ధంలో రాజప్రాసాదాలున్న బ్రూకియాన్ ప్రాంతం చాలావరకు ధ్వంసమైందని అమ్మియానస్ మార్సెలినస్ రాశాడు. మూలగ్రంథాలయంలో అప్పటికి మిగిలినదేదైనా ఉంటే అది ఈ కాలంలోనే అంతరించి ఉంటుంది.

నగరంలో మరొకచోట, సెరాపిస్ దేవాలయంలో ఒక ఉపగ్రంథాలయం ఉండేది. క్రీ.శ. 391 ప్రాంతంలో బిషప్ థియోఫిలస్ కాలంలో ఆ దేవాలయాన్ని కూల్చారు. అయితే ఆ ధ్వంసాన్ని వర్ణించిన క్రైస్తవ చరిత్రకారులు పుస్తకాలను ప్రస్తావించలేదు. అంతకుముందే రాసిన అమ్మియానస్ అక్కడి గ్రంథాలయాలను భూతకాలంలో పేర్కొన్నాడు. దేవాలయం కూలేనాటికే అల్మరాలు ఖాళీ అయి ఉండవచ్చునని ఈ రెండు విషయాలు సూచిస్తున్నాయి.

7. ఉపసంహారం

అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని ఎవరు కాల్చారన్న ప్రశ్నకు సాక్ష్యాలు ఒకే పేరును ఇవ్వవు. రాజాజ్ఞ, రాజకోశం, పండితుల పర్యవేక్షణ అనే మూడింటి కలయికతో ప్రతులు చేరాయి. క్రీ.పూ. 145లో పండితులు చెదిరారు. రోమన్ల కాలంలో పోషణ పాలకుల దయపై నడిచింది. 3వ శతాబ్దంలో జీవికా, భవనాలూ పోయాయి. మంటలు కొంత నష్టం చేసి ఉంటాయి. కాని కాలిన ప్రతిని వేరే ప్రతి చూసి తిరిగి రాయించవచ్చు. డొమీషియన్ చేసిన పని అదే. రాయించేవారే లేనప్పుడు మిగిలిన ప్రతి కూడా దక్కదు. ఏథెన్స్ నుండి 15 టాలెంట్లకు సంపాదించిన ఆ నాటకప్రతులు నేడు లేవు. ఆ ముగ్గురి నాటకాలలో మనకు దక్కినవి, పాఠశాలల్లోనూ మఠాల్లోనూ ఎవరో ఒకరు తిరగరాస్తూ వచ్చినవీ, ఈజిప్టు ఇసుకలో శకలాలుగా దొరికినవీ మాత్రమే.