కొవ్వొత్తి కొంచెం జరిగితే ప్రతిబింబం ఎంత జరుగుతుంది?

కొవ్వొత్తి, కుంభాకార కటకం, తెర పెట్టి ప్రతిబింబాన్ని పట్టడం బడిలో చాలామంది చేసిన ప్రయోగమే. అందులో ప్రతిబింబం ఎన్ని రెట్లు ఎత్తుగా పడిందో కొలుస్తాం. దాన్నే ఆవర్ధనం అంటాం. అయితే కొవ్వొత్తిని ప్రధానాక్షం వెంట కటకం వైపు కొద్దిగా జరిపితే, ప్రతిబింబం మళ్లీ స్పష్టంగా పడటానికి తెరను ఎంత జరపాలి? దీనికి జవాబు చెప్పేది అనుదైర్ఘ్య ఆవర్ధనం. దాని లెక్క వేరు.

10 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కటకం తీసుకుందాం. దానికి 12 సెం.మీ. దూరంలో కొవ్వొత్తి పెడితే ప్రతిబింబం అవతలి వైపు 60 సెం.మీ. దగ్గర తలకిందులుగా పడుతుంది. 60ని 12తో భాగిస్తే 5 వస్తుంది కాబట్టి జ్వాల ఐదు రెట్లు ఎత్తుగా కనిపిస్తుంది. ఇప్పుడు కొవ్వొత్తిని ఒక్క మిల్లీమీటరు కటకం వైపు జరపండి. ఆవర్ధనం 5 కదా, తెరను 5 మి.మీ. జరిపితే చాలుననిపిస్తుంది. నిజానికి తెర 62.6 సెం.మీ. దగ్గరికి వెళ్లాలి. అంటే 26 మి.మీ. జరగాలి. చిన్న కదలికకు ప్రతిబింబం ఐదు రెట్లు కాదు, ఐదైదులు ఇరవై అయిదు రెట్లు జరుగుతుంది. అనుదైర్ఘ్య ఆవర్ధనం మామూలు ఆవర్ధనానికి వర్గం.

వర్గం ఎందుకొచ్చింది? దూరాలను కటకం నుంచి కాక నాభుల నుంచి కొలిస్తే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. కొవ్వొత్తి తన వైపు నాభికి 2 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబం అవతలి నాభికి 50 సెం.మీ. దూరంలో ఉంది. ఈ రెండింటి లబ్ధం 100, అంటే నాభ్యంతరానికి వర్గం. కొవ్వొత్తి ఎక్కడున్నా ఈ లబ్ధం మారదు. ఇది న్యూటన్ పేరుతో పిలిచే సూత్రం. ఒక దూరం 5 శాతం తగ్గితే రెండోది ఇంచుమించు 5 శాతం పెరగాలి. 2 సెం.మీ.లో 5 శాతం ఒక మిల్లీమీటరు. 50 సెం.మీ.లో 5 శాతం 25 మిల్లీమీటర్లు.

లెక్కకు 25 వస్తే తెర 26 మి.మీ. ఎందుకు జరిగింది? కొవ్వొత్తి దగ్గరయ్యే కొద్దీ ఆవర్ధనమూ పెరుగుతూ ఉంటుంది కాబట్టి. అందుకే వర్గం లెక్క చాలా చిన్న కదలికలకే సరిపోతుంది. కదలిక పెద్దదైతే మొదటి ఆవర్ధనాన్ని చివరి ఆవర్ధనంతో హెచ్చవేయాలి. కొవ్వొత్తిని 12 నుంచి 11 సెం.మీ.కి తెస్తే ప్రతిబింబం 110 సెం.మీ. దగ్గర పడుతుంది, అక్కడ ఆవర్ధనం 10. ఐదు పదులు యాభై, సరిగ్గా తెర జరిగిన 50 సెం.మీ. ఆ సెంటీమీటరు మేర అక్షం వెంట ఒక పెన్సిల్ ముక్కను పడుకోబెడితే, దాని ప్రతిబింబం అర మీటరు పొడవు సాగుతుంది. ఒక కొన కన్నా రెండో కొన రెట్టింపు లావుగా ఉంటుంది.

వస్తువు దూరంగా ఉంటే ఇదే వర్గం లోతును అణిచేస్తుంది. అదే కటకానికి 30 సెం.మీ. దూరంలో కొవ్వొత్తి ఉంటే ప్రతిబింబం సగం ఎత్తే ఉంటుంది, దాని కదలిక నాలుగో వంతుకు పడిపోతుంది. 50 మి.మీ. కెమెరా లెన్స్ ముందు ఒక మనిషి 5 మీటర్ల నుంచి 2 మీటర్లకు నడిచొస్తే, లోపల ప్రతిబింబం జరిగేది 0.8 మి.మీ. కూడా ఉండదు.

ఇంకో సంగతి గమనించాలి. వస్తువూ ప్రతిబింబమూ ఎప్పుడూ ఒకే దిక్కుకు జరుగుతాయి. కొవ్వొత్తిని దూరం నుంచి కటకం వైపు తెస్తున్నప్పుడు మొదట ప్రతిబింబం కొవ్వొత్తి కన్నా నెమ్మదిగా జరుగుతుంది, కాబట్టి రెండింటి మధ్య ఎడం తగ్గుతుంది. 20 సెం.మీ. దగ్గర ఆవర్ధనం 1 అవుతుంది, రెండూ సమానంగా జరుగుతాయి. ఆ తర్వాత ప్రతిబింబం వేగం పుంజుకుని ఎడం పెరుగుతుంది. అంటే కొవ్వొత్తికీ తెరకూ మధ్య కనీసం 40 సెం.మీ., నాభ్యంతరానికి నాలుగు రెట్లు, ఉండి తీరాలి. అంతకంటే దగ్గరగా ఆ రెండింటినీ బిగించేసి, కటకాన్ని ఎంత అటూ ఇటూ జరిపినా బొమ్మ మసకగానే ఉంటుంది. అప్పుడు తప్పు కటకానిది కాదు, ఎడానిది.

ఈ వర్గం ప్రభావం బాగా తెలిసొచ్చేది మైక్రోస్కోపులో. 40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద స్లైడు ఒక్క మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, జరిగినా లోపలి ప్రతిబింబం దానికి 1600 రెట్లు, అంటే 1.6 మి.మీ. జరుగుతుంది. ఎర్ర రక్తకణం మందమే సుమారు రెండు మైక్రాన్లు. అందుకే 40 ఆబ్జెక్టివ్ పెట్టాక ఫోకస్‌ను ఫైన్ అడ్జస్ట్‌మెంట్‌తోనే సరిచేయాలి. కోర్స్ అడ్జస్ట్‌మెంట్ కాస్త తిప్పినా కణం చూపులోంచి జారిపోతుంది, పైగా లెన్స్ స్లైడుకు తగిలే ప్రమాదమూ ఉంది.