వానాక్రై ఉదాహరణగా హానికర సాఫ్ట్‌వేర్ స్థిర, గతిశీల విశ్లేషణలు: వివిక్త వర్చువల్ ప్రయోగశాల నిర్మాణం

వ్యాససంగ్రహం

హానికర సాఫ్ట్‌వేర్‌ను నడపకుండా దాని నిర్మాణాన్ని చదవడం స్థిర విశ్లేషణ. నియంత్రిత పరిసరంలో నడిపి ప్రవర్తనను గమనించడం గతిశీల విశ్లేషణ. ప్రయోగశాలలోని నెట్‌వర్క్ అమరికను బట్టి గతిశీల విశ్లేషణ ఫలితం పూర్తిగా తారుమారు కాగలదు. ఆ ఫలితాన్ని సరిగా అర్థం చేసుకోవడానికి స్థిర విశ్లేషణ తప్పనిసరి. 2017 నాటి వానాక్రై ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించి, అందుకు తగిన ప్రయోగశాల నిర్మాణక్రమాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: స్థిర విశ్లేషణ, గతిశీల విశ్లేషణ, వానాక్రై, వర్చువల్ మెషీన్, అంతర్గత నెట్‌వర్క్

1. ఉపోద్ఘాతం

2017 మే 12న వానాక్రై ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లలోని ఫైళ్లను గూఢీకరించి, బిట్‌కాయిన్ల రూపంలో సొమ్ము డిమాండ్ చేసింది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దీని బారినపడ్డాయి. విండోస్‌లో ఫైళ్ల పంపకానికి వాడే ఎస్‌ఎంబీ వ్యవస్థలోని లోపం ద్వారా, 445వ పోర్టు గుండా, ఇది ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తనంతట తానే వ్యాపించింది. ఆ లోపాన్ని సరిచేసే MS17-010 నవీకరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది.

దాడి మొదలైన రోజునే బ్రిటిష్ పరిశోధకుడు మార్కస్ హచిన్స్ ఈ ప్రోగ్రామ్ సంప్రదిస్తున్న ఒక డొమైన్ ఎవరి పేరా నమోదు కాలేదని గమనించి, దానిని నమోదు చేశాడు. దానితో వ్యాప్తికి అడ్డుకట్ట పడింది. నమోదు చేసేనాటికి ఆ ఫలితాన్ని ఆయన ఊహించలేదు. డొమైన్ సంప్రదింపును గమనించడం వేరు, దాని ప్రయోజనాన్ని గ్రహించడం వేరు అనడానికి ఇది నిదర్శనం.

2. స్థిర విశ్లేషణ చూపేది

ముందుగా నమూనా SHA-256 విలువను నమోదు చేసుకోవాలి. వేరే డొమైన్‌తో మార్చిన వానాక్రై రూపాలు కొద్ది రోజుల్లోనే వెలువడ్డాయి కాబట్టి, ఒక నమూనాపై తేలినది మరొకదానికి వర్తిస్తుందని భావించరాదు. తరువాత ఫైలులోని అక్షరమాలికలను వెలికితీయాలి.

```
strings -n 8 mssecsvc.exe | grep http
```

ఈ ఆదేశంతో అర్థరహితంగా కనిపించే ఒక పొడవైన వెబ్ చిరునామా బయటపడుతుంది. ఇక్కడ ఆగిపోతే, అది దాడిదారుల ఆజ్ఞా కేంద్రమని పొరబడే అవకాశం ఎక్కువ. గిడ్రా వంటి సాధనంతో ఆ చిరునామాను వాడే ఫంక్షన్‌ను పరిశీలించినప్పుడు అసలు తర్కం తెలుస్తుంది. దానిని సరళీకరిస్తే ఇలా ఉంటుంది:

```
if (InternetOpenUrlA(...) != 0)
    return 0;
start_worm();
```

అంటే చిరునామా తెరుచుకుంటే ప్రోగ్రామ్ ముగుస్తుంది. తెరుచుకోకపోతే దాడి మొదలవుతుంది. సర్వర్ పంపిన జవాబులో ఏముందో అది చూడదు. అంతేకాక ప్రాక్సీని వాడకుండా నేరుగా సంప్రదిస్తుంది. కాబట్టి ప్రాక్సీ ద్వారా మాత్రమే ఇంటర్నెట్ లభించే సంస్థలకు ఆ డొమైన్ నమోదు వల్ల రక్షణ కలగలేదు.

ఈ పద్ధతికీ పరిమితి ఉంది. గూఢీకరణ చేసే భాగాలు సంకేతపదంతో రక్షించిన జిప్ రూపంలో లోపల దాగి ఉంటాయి. పై పొరలోని అక్షరమాలికలలో అవి కనిపించవు. ఆ సంకేతపదాన్ని కోడ్‌లో వెదికి పట్టుకోవాలి, లేదా ప్రోగ్రామ్ తానే వాటిని విప్పే వరకు నడిపి చూడాలి.

3. ప్రయోగశాల నిర్మాణం

దీనికి రెండు వర్చువల్ మెషీన్లు చాలు. మొదటిది నమూనాను నడిపే విండోస్ 7 యంత్రం. రెండవది ఇంటర్నెట్ ఉన్నట్లు భ్రమ కల్పించే రెమ్‌నక్స్ యంత్రం. ఐనెట్‌సిమ్ అనే సాధనం ఇందులో నకిలీ డీఎన్‌ఎస్, వెబ్ సేవలను అందిస్తుంది.

వర్చువల్‌బాక్స్‌లో నెట్‌వర్క్ రకం ఎంపిక అత్యంత కీలకం. ఎన్‌ఏటీ, బ్రిడ్జ్ పద్ధతులు బయటి నెట్‌వర్క్‌కు దారి తెరుస్తాయి. హోస్ట్-ఓన్లీ పద్ధతి సురక్షితమని పలువురు భావిస్తారు. కానీ అందులో అసలు కంప్యూటర్ కూడా అదే నెట్‌వర్క్‌లో భాగం. 445వ పోర్టు ద్వారా వ్యాపించే నమూనాకు అది నేరుగా అందుబాటులో ఉంటుంది. అందువల్ల వర్చువల్ మెషీన్లు మాత్రమే పరస్పరం సంభాషించగల అంతర్గత నెట్‌వర్క్‌ను ఎంచుకోవాలి. రెండు యంత్రాలు ఆగి ఉన్నప్పుడు కింది ఆదేశాలు ఇవ్వాలి.

```
VBoxManage modifyvm "victim" --nic1 intnet --intnet1 malnet
VBoxManage modifyvm "remnux" --nic1 intnet --intnet1 malnet
```

ఈ నెట్‌వర్క్‌లో ఐపీ చిరునామాలను చేతితోనే ఇవ్వాలి. రెమ్‌నక్స్‌కు 10.0.0.1, విండోస్‌కు 10.0.0.2 ఇచ్చి, విండోస్‌లో గేట్‌వేగాను, డీఎన్‌ఎస్‌గాను 10.0.0.1ను చూపాలి. ఐనెట్‌సిమ్ అమరికల ఫైలులో ఈ రెండు పంక్తులు అవసరం:

```
service_bind_address 10.0.0.1
dns_default_ip 10.0.0.1
```

నమూనాను జిప్ రూపంలో ఐఎస్ఓ ఫైలు ద్వారా లోపలికి చేర్చాలి. ఆ తరువాత షేర్డ్ ఫోల్డర్లు, ఉమ్మడి క్లిప్‌బోర్డు, యూఎస్‌బీ అనుసంధానం అన్నీ తొలగించాలి. నమూనాను విప్పకముందే పరీక్ష జరపాలి: విండోస్ నుండి 10.0.0.1కు పింగ్ చేస్తే జవాబు రావాలి. అసలు కంప్యూటర్ చిరునామాకు, 8.8.8.8కు రాకూడదు. పరీక్ష నెగ్గిన తరువాత యంత్ర స్థితిని భద్రపరచాలి.

```
VBoxManage snapshot "victim" take clean
```

4. ఒకే నమూనా, రెండు ఫలితాలు

మొదటి ప్రయోగంలో ఐనెట్‌సిమ్ నడుస్తూ ఉంటుంది. వైర్‌షార్క్‌లో డీఎన్‌ఎస్ ప్రశ్న, దానికి 10.0.0.1 అనే జవాబు, ఆపై ఒక వెబ్ అభ్యర్థన కనిపిస్తాయి. అంతటితో ప్రోగ్రామ్ ముగుస్తుంది. ప్రాసెస్ మానిటర్‌లో కొత్త ఫైలు గానీ, కొత్త సర్వీసు గానీ ఉండదు. ఈ ఒక్క ప్రయోగాన్నే నమ్మిన విశ్లేషకుడు నమూనా నిరపాయకరమని నివేదిస్తాడు.

యంత్రాన్ని clean స్థితికి తెచ్చి, ఐనెట్‌సిమ్‌ను ఆపివేసి రెండవ ప్రయోగం చేయాలి. ఈసారి డొమైన్‌కు జవాబు రాదు. `mssecsvc2.0` అనే సర్వీసు ఏర్పడుతుంది. విండోస్ ఫోల్డర్‌లో `tasksche.exe` పుడుతుంది. పత్రాలు `.WNCRY` అనే కొనతో గూఢీకృతమవుతాయి. నెట్‌వర్క్‌లో 10.0.0.x వరుసలోని లేని యంత్రాల కోసం ఏఆర్‌పీ ప్రశ్నలు, బయటి చిరునామాల 445వ పోర్టుకు అనుసంధాన యత్నాలు వెల్లువెత్తుతాయి. అంతర్గత నెట్‌వర్క్ లేనిచో ఆ యత్నాలు కళాశాల నెట్‌వర్క్‌లోని యంత్రాలకే చేరేవి.

అమరికలో ఒక సాధారణ దోషం ఈ ఫలితాలను గజిబిజి చేస్తుంది. `dns_default_ip` పంక్తిని మరిస్తే ఐనెట్‌సిమ్ డీఎన్‌ఎస్ జవాబుగా 127.0.0.1 ఇస్తుంది. నమూనా తన యంత్రాన్నే సంప్రదించి, విఫలమై, దాడి ప్రారంభిస్తుంది. నకిలీ ఇంటర్నెట్ ఉన్నా మీట పనిచేయలేదని విశ్లేషకుడు తప్పుగా నిర్ధారిస్తాడు. వైర్‌షార్క్‌లో డీఎన్‌ఎస్ జవాబును చూస్తే ఈ దోషం వెంటనే తెలుస్తుంది.

ఈ మీటను ఎందుకు పెట్టారన్నదానిపై హచిన్స్ ఒక ఊహ చేశాడు. విశ్లేషణ ప్రయోగశాలలు లేని డొమైన్లకు కూడా జవాబిస్తాయి కనుక, వాటిని గుర్తించి తప్పించుకోవడానికే పెట్టి ఉంటారని ఆయన భావించాడు. అదే నిజమైతే మొదటి ప్రయోగంలో కనిపించిన నిశ్శబ్దం ప్రయోగశాలను పసిగట్టినందువల్ల కలిగినదే.

5. పరిమితులు

వర్చువల్ మెషీన్ గోడ అభేద్యం కాదు. 2015లో బయటపడిన వెనమ్ లోపం, క్యూఈఎమ్‌యూలోని ఫ్లాపీ నియంత్రిక ద్వారా లోపలి ప్రోగ్రామ్ అసలు కంప్యూటర్‌పైకి రాగలదని చూపింది. అందువల్ల అనవసర వర్చువల్ పరికరాలను తొలగించాలి. వర్చువల్‌బాక్స్‌ను, అసలు కంప్యూటర్‌ను నవీకరించాలి. విద్యార్థుల దత్తాంశం లేని ప్రత్యేక కంప్యూటర్‌ను వాడాలి.

6. ముగింపు

వానాక్రై విషయంలో స్థిర విశ్లేషణ షరతును బయటపెట్టింది. గతిశీల విశ్లేషణ ఆ షరతు తీరినప్పుడు, తీరనప్పుడు జరిగేదాన్ని చూపింది. కాబట్టి “ఏ ప్రవర్తనా కనిపించలేదు” అని రాసే ప్రతి నివేదిక, డీఎన్‌ఎస్ ఏమి జవాబిచ్చిందో, ఏ నకిలీ సేవలు నడిచాయో, కోడ్‌లోని ఏ శాఖ అమలైందో కూడా నమోదు చేయాలి. ఈ మూడూ లేని నివేదిక ఆ ప్రయోగశాల స్థితిని మాత్రమే తెలుపుతుంది. నమూనా స్వభావాన్ని తెలుపదు.