అసంపూర్ణ ఆధారసూచికను పూరించడం: ఒక పరిశోధక విద్యార్థికి గ్రంథాలయాధికారి సమాధానం

ఉపోద్ఘాతం:

సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందు ఆధారసూచికలను సరిచూసుకునే విద్యార్థికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. పాత సిద్ధాంతగ్రంథం పాదసూచిక నుంచి ఎత్తిరాసుకున్న ఆధారంలో వ్యాసం పేరు ఉండదు, రచయిత పేరు ఉండదు, క్రీస్తుశకం ఉండదు. ఉన్నదల్లా “భారతి, ప్రమోదూత, మాఘము, పు. 253” వంటి ఒక పంక్తి. ఇది వివరణ కోసం కూర్చిన నమూనాయే కాని, ఈ తీరు సూచికలు మన పరిశోధనగ్రంథాల్లో కోకొల్లలు. ఇలాంటి పంక్తిని పట్టుకొని వచ్చిన విద్యార్థికి గ్రంథాలయాధికారి ఇవ్వవలసిన సమాధానం ఎలా ఉండాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

విద్యార్థి అడిగినది చిన్న ప్రశ్నే: “ప్రమోదూత అంటే 1930 కదా, ఆ సంవత్సరం వేసేయవచ్చునా?” కాని అతని మూడో అధ్యాయంలోని వాదమంతా ఆ తేదీ మీదనే నిలిచి ఉంది. 1930 డిసెంబరులో వెలువడిన ఒక గ్రంథంలోని ప్రతిపాదనను ఆ వ్యాసకర్త అంతకు ముందే చేశాడని అతడు రాశాడు. కాబట్టి గ్రంథాలయాధికారి అవునని గాని కాదని గాని చెప్పి ఊరుకోకుండా లెక్క వేసి చూపవలసి వచ్చింది.

సంవత్సరనామం నుంచి క్రీస్తుశకానికి:

“మీ ఉత్తరం అందింది. ముందుగా సంవత్సరం సంగతి చూద్దాం. గత షష్టిపూర్తి చక్రంలో ప్రభవ 1927 ఉగాదితో మొదలైంది. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత అని లెక్కిస్తే ప్రమోదూత నాలుగోది. అంటే 1930 ఉగాది నుంచి 1931 ఉగాది వరకు. దీనికి 60 ఏళ్లు వెనక్కి వెళ్తే 1870, ముందుకు వస్తే 1990. భారతి 1924 జనవరిలో మొదలైంది కాబట్టి 1870 కుదరదు. మీరు చూసిన సిద్ధాంతగ్రంథం 1990కి ముందే సమర్పితమైంది కాబట్టి అదీ పోయింది. ఇంతవరకు మీ ఊహ సరియైనదే.

చిక్కంతా మాసంలో ఉంది. చైత్రం మొదలు మార్గశిరం వరకు ఉన్న మాసాలు 1930లో పడతాయి. పుష్యం రెండు సంవత్సరాల మీద అటూ ఇటూ పరుచుకొని ఉంటుంది. మాఘ, ఫాల్గుణాలు మాత్రం పూర్తిగా 1931వే. ప్రమోదూత మాఘం 1931 జనవరి మూడోవారంలో మొదలై ఫిబ్రవరి మూడోవారంలో ముగిసింది. కాబట్టి మీరు వేయదలచిన 1930 తప్పు. మీ వ్యాసం 1930 డిసెంబరు నాటి గ్రంథం కంటే ముందుది కాదు, తరువాతిది.”

ఇలాంటి తప్పు ఎందుకు విస్తారంగా కనబడుతుందో ఊహించడం కష్టం కాదు. పంచాంగచక్రాల పట్టికలు ‘ప్రమోదూత - 1930’ అని ఒక్క అంకెతో ముగిస్తాయి. ఆ అంకె సంవత్సరారంభానిదని పట్టిక చెప్పదు. ఉగాదికి రెండు మూడు నెలల ముందు వెలువడిన ప్రతి సంచికకూ ఈ పట్టిక ఒక ఏడాది వెనకటి తేదీనే ఇస్తుంది. పూర్వాపరాల చర్చలో ఒక ఏడాది తేడా చాలు, ఎవరు ఎవరిని అనుసరించారన్నది తలకిందులు కావడానికి.

సంచికను వెతకడం:

లెక్క ఆధారాన్ని ఒక సరిహద్దులోకి తెస్తుంది గాని అదే ఆధారం కాదు. సంచికను కళ్లతో చూడాలి. గ్రంథాలయాధికారి సూచించినది 1931 జనవరి, ఫిబ్రవరి సంచికలు రెండూ తెరవమని. చాంద్రమాసం ఇంగ్లీషు నెలతో సరిగా కలిసిరాదు. పత్రిక తన సంచికపై ఏ మాసాన్ని ముద్రించిందో ముఖపత్రమే చెప్పాలి. పాత పత్రికల స్కాన్ ప్రతులు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లోనూ, భారత డిజిటల్ లైబ్రరీ నుంచి `archive.org`కు చేరిన ప్రతుల్లోనూ దొరుకుతాయి. రెండవవాటిని వాటి గుర్తింపు పంక్తి `in.ernet.dli.2015` అని మొదలవడాన్ని బట్టి పోల్చుకోవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆ ప్రతులకు జతచేసిన వివరాల్లో సంవత్సరం చాలాసార్లు తప్పుగా ఉంటుంది, పేర్లు రోమన్ అక్షరాల్లో ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటాయి. కాబట్టి ఆ జాబితా సంవత్సరాన్ని ఎత్తి సూచికలో వేయకూడదు. రెండోది, తెరమీద కనబడే పుటసంఖ్య ముద్రిత పుటసంఖ్య కాదు. ముఖపత్రం, ప్రకటనలు, బొమ్మలు లెక్కలోకి వచ్చి రెండింటికీ ఎడం పెరుగుతుంది. 253 కోసం ముద్రిత అంకెనే చూడాలి.

ఆ 253 ఒకే సంచికలోని పుటా, సంపుటమంతటికీ వరుసగా వేసిన పుటా అన్నది కూడా చూడాలి. చేతిలోని సంచిక అంత పెద్దది కాకపోయినా ఆ అంకె అందులో ఉంటే పుటలు సంపుటానికి వరుసగా సాగుతున్నాయన్నమాట. అప్పుడు సంచిక సంఖ్య లేకపోయినా పుటసంఖ్యే సంచికను పట్టిస్తుంది. బైండు చేసిన ప్రతుల్లో ముఖపత్రాలు కత్తిరించి పారవేయడం మన గ్రంథాలయాల్లో పాత అలవాటు. సంచికలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో అప్పుడు విషయసూచికల వల్లనే తెలుసుకోవాలి.

253వ పుట దొరికిందనుకుందాం. అది వ్యాసం నడుమ ఉన్న పుట కావచ్చు. శీర్షిక కనబడేవరకు వెనక్కి వెళ్లాలి, ముగింపు కోసం ముందుకు వెళ్లాలి. చివర ‘సశేషం’ అని ఉంటే తరువాతి సంచికలో మిగతా భాగం ఉంటుంది, మొదట ‘గత సంచిక తరువాయి’ అని ఉంటే అంతకు ముందుది ఒకటి ఉంది. మన విద్యార్థికి ఈ రెండో అవకాశం ప్రాణప్రదమైనది. వ్యాసం తొలిభాగం 1930 సంచికల్లో ఉండి, ఆ ప్రతిపాదన కూడా ఆ భాగంలోనే ఉంటే అతని వాదం తిరిగి నిలబడుతుంది. లేకపోతే లేదు.

చూడనిదాన్ని ఎలా చూపాలి:

రచయిత పేరు పొడి అక్షరాల్లోనో కలం పేరుతోనో ఉంటే ఊహించి విస్తరించవద్దని గ్రంథాలయాధికారి గట్టిగానే రాశారు. సంచికలో ఉన్నది ఉన్నట్టు రాసి, వేరే ఆధారంతో తెలిసిన పేరును చదరపు కుండలీకరణాల్లో చేర్చి, ఆ ఆధారమేమిటో పాదసూచికలో చెప్పాలి. సంవత్సరానికీ అదే పద్ధతి. సంచికపై తెలుగు సంవత్సరం మాత్రమే ఉంటే ‘ప్రమోదూత, మాఘం [1931]’ అని రాయాలి. ‘1931’ అని మాత్రమే రాస్తే అది ముద్రిత సమాచారమని చదువరి భ్రమపడతాడు. పైగా తెలుగు సంవత్సరాన్ని ఉంచడం వల్ల మన లెక్క తప్పైతే తరువాతివాడు దిద్దుకోగలడు.

ఆంధ్రపత్రికకు సంబంధించిన సూచికలతో ఇంకొక తిరకాసు ఉంది. ‘ఆంధ్రపత్రిక, ప్రమోదూత’ అని మాత్రమే ఉంటే అది దినపత్రిక కాకపోవచ్చు. ఉగాదికి వెలువడే సంవత్సరాది సంచిక కావచ్చు. అలాంటప్పుడు 1930 అన్నదే సరి.

గ్రంథాలయాధికారి చివరి మాటలు ఇవి: “రెండు సంచికల్లోనూ ఆ పుటలో మీ విషయం లేకపోతే, పూర్వపరిశోధకుని సూచికలోనే పొరపాటు ఉండవచ్చు. దగ్గరి పుటలు, పక్క మాసాలు, పక్క సంవత్సరపు మాఘం చూడండి. అప్పటికీ దొరకకపోతే భారతి పేరుతో సూచిక ఇవ్వకండి. ఆ సిద్ధాంతగ్రంథాన్నే ఆధారంగా చూపి, ‘అందులో ఉదహృతం, మూలం చూడలేదు’ అని రాయండి. ఆ వ్యాసం ముందుదన్న వాక్యాన్ని మూడో అధ్యాయం నుంచి తీసివేయండి. వచ్చే సోమవారం నుంచి 1931 బైండు మా పఠనమందిరంలో మీకోసం పక్కన పెట్టి ఉంచుతాను.”