నలుగురు కలిసి కారెక్కితే పెట్రోలు వాటా ఎంత?

పండక్కి ఊరెళ్లేటప్పుడు బస్సులో సీటు దొరకదు, రైలు వెయిటింగ్ లిస్టు కదలదు. ఆఫీసులో ఎవరో ఒకరు “నేను కారులో వెళ్తున్నా, మూడు సీట్లు ఖాళీ” అంటారు. అందరికీ సంతోషమే. దిగేటప్పుడు “అన్నా, నా వాటా ఎంత?” అని అడిగితే మాత్రం కారు ఓనరుకు నోరు పెగలదు. “ఎంతో కొంత ఇవ్వండి” అంటాడు. ఆ మాటతో ఒకరు ఎక్కువ ఇస్తారు, ఒకరు తక్కువ ఇస్తారు, అడగలేని మనిషి నష్టపోతాడు. నిజానికి ఈ లెక్క మూడు అంకెల పని. వెళ్లే దూరాన్ని మైలేజీతో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటర్లను ధరతో గుణిస్తే ఖర్చు వస్తుంది. దాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే తలా ఎంతో తేలుతుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒకవైపు ప్రయాణమే తీసుకుందాం. నగరంలో బయలుదేరిన చోటును బట్టి దూరం కాస్త మారుతుంది కాబట్టి 280 కిలోమీటర్లు అనుకుందాం. బండి లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 17.5 లీటర్లు కాలుతుంది. హైదరాబాద్‌లో 2025లో పెట్రోలు ధర లీటరుకు 107 రూపాయల పైచిలుకు ఉంది. లెక్క సులువుగా ఉండటానికి 107 పెట్టుకుంటే మొత్తం 1,872 రూపాయల 50 పైసలు. ఓనరుతో కలిపి నలుగురు పంచుకుంటే తలా 468 రూపాయలు.

ఈ మూడు అంకెల్లో దూరం ట్రిప్ మీటరు చెబుతుంది, ధర బంకు బోర్డు మీదే ఉంటుంది. తేడా వచ్చేదంతా మైలేజీ దగ్గరే. చాలామంది కారు కొన్నప్పుడు షోరూములో విన్న అంకెనే ఇప్పటికీ చెబుతుంటారు. అది పరీక్షా కేంద్రంలో, నిర్ణీత వేగాలతో, నిర్ణీత పరిస్థితుల్లో కొలిచిన మైలేజీ. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఎండకు ఆపకుండా ఏసీ, ఎల్బీ నగర్ దాటేదాకా ట్రాఫిక్ ఉన్న ప్రయాణంలో అంత రాదు. వేగం సంగతి కూడా తలచుకోవాలి. బండిని ఆపే గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని 110కి పెంచితే గాలి నిరోధం దాదాపు రెట్టింపు అవుతుంది. రోడ్డు బాగుందని తొక్కుకుంటూ వెళ్లినందుకు పెట్రోలు రూపంలో కట్టాల్సిందే.

షోరూము అంకె 20 అనుకుని పంచితే ఏమవుతుందో చూడండి. 280ని 20తో భాగిస్తే 14 లీటర్లు, 1,498 రూపాయలు, తలా 374 రూపాయల 50 పైసలు. తోటివాళ్లు ముగ్గురూ కలిపి ఇచ్చేది 1,123 రూపాయల 50 పైసలు. బండి నిజంగా తాగింది మాత్రం 1,872 రూపాయల 50 పైసల పెట్రోలు. మిగిలిన 749 రూపాయలు ఓనరు జేబులోంచే పోయాయి. అంటే అందరితో సమానంగా ఇచ్చాననుకున్న మనిషి సరిగ్గా రెండు వాటాలు కట్టాడు. టైర్లు, సర్వీసు, నడిపిన అలసట ఎలాగూ అతనివే.

అందుకని మైలేజీని ఎవరికి వాళ్లు కొలుచుకోవాలి. బంకులో ట్యాంకు నింపిస్తున్నప్పుడు గొట్టం దానంతట అదే ‘టక్’మని ఆగిన చోట ఆపించండి. ఇంకాస్త పోయమని అడగొద్దు, ఆ అదనం ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. ట్రిప్ మీటరును సున్నా చేయండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక, వీలైతే అదే బంకులో, మళ్లీ టక్‌మనేదాకా నింపించండి. మీటరు 368 కిలోమీటర్లు చూపించి, రెండోసారి 23 లీటర్లు పట్టిందంటే మీ బండి మైలేజీ 16. డ్యాష్‌బోర్డు తెర మీద కనబడే అంకె తరచూ దీనికన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది, దాన్ని నమ్మి పంపకం చేయకండి. ఊళ్లో తిరిగినప్పుడు కొలిచిన మైలేజీ హైవేకి పనికిరాదు, హైవేది ఊళ్లో పనికిరాదు. దూర ప్రయాణానికి దూర ప్రయాణంలో కొలిచిందే వాడాలి.

మధ్యలో దిగేవాళ్లుంటే పంపకం మారుతుంది. నలుగురిలో ఒకరు సూర్యాపేటలో దిగుతారనుకుందాం. అక్కడికి 140 కిలోమీటర్లు, అంటే సగం దారి. ఆ సగానికి 936 రూపాయలు. కారులో అప్పుడు నలుగురున్నారు కాబట్టి తలా 234. మిగతా సగానికి కూడా 936 రూపాయలే, కానీ ముగ్గురే ఉన్నారు, తలా 312. సూర్యాపేట ప్రయాణికుడు 234 ఇచ్చి దిగిపోతాడు, చివరిదాకా వెళ్లేవాళ్లు 546 చొప్పున ఇస్తారు. ఏ ముక్క దారిలో ఎవరున్నారో వాళ్లే ఆ ముక్కను పంచుకోవడం నాకు న్యాయంగా తోస్తుంది. సీటు ఖాళీ అయిన తర్వాతి భారం దిగిపోయినవాడి మీద వేయలేం.

ఒకవైపు ప్రయాణంలో ఇంకో చిక్కుంది. ఓనరు తన పని మీద వెళ్తూ మిగతావాళ్లను ఎక్కించుకుంటే ఒకవైపు ఖర్చే పంచాలి, తిరుగు ప్రయాణం అతని సొంతం. వాళ్లను దింపడం కోసమే బండి తీసి ఖాళీగా తిరిగి వస్తుంటే, ఆ 280 కిలోమీటర్ల పెట్రోలు కూడా ఈ ప్రయాణం ఖర్చే. ఇది బయలుదేరే ముందే తేల్చుకోవాల్సిన మాట. పంచుకునేది ఖర్చు వరకే ఉండాలి. తెల్ల నంబరు ప్లేటు బండిని లాభం కోసం కిరాయికి తిప్పకూడదు, దానికి పసుపు ప్లేటూ పర్మిట్టూ కావాలి.

ధర దగ్గర కూడా ఒక మాట. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా పెట్రోలు ధరను రోజూ సవరించే పద్ధతి వచ్చింది. దాని మీద రాష్ట్రాలు వేసే వ్యాట్ వేర్వేరు. ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ కన్నా లీటరు కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి, చాలామంది కోదాడ దాటకముందే ట్యాంకు నింపించుకుంటారు. పంపకంలో వాడాల్సింది ట్యాంకులో ఉన్న పెట్రోలును కొన్న ధర. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల డబ్బును ఇందులో కలపకుండా విడిగా పంచండి, అప్పుడు ఏది దేనికిచ్చామో అందరికీ తెలుస్తుంది.

మైలేజీ మీద వాదనే వద్దనుకుంటే ఇంకా తిన్నని దారి ఉంది. బయలుదేరేటప్పుడు ట్యాంకు టక్‌మనేదాకా నింపించండి. విజయవాడలో దిగేముందు మళ్లీ అలాగే నింపించండి. రెండోసారి పట్టిన లీటర్లే ఆ ప్రయాణంలో కాలిన పెట్రోలు. రసీదులో 17.8 లీటర్లు అని ఉంటే, హైదరాబాద్ ధర ప్రకారం 1,904 రూపాయల 60 పైసలు, తలా 476. ముందు వేసుకున్న అంచనాకు తేడా మనిషికి ఎనిమిది రూపాయలు. బండి ఎక్కకముందే అంచనా అంకె అందరికీ చెప్పండి, దిగాక రసీదు చూపించి వాటా తీసుకోండి.