పల్లమంటే ఎవరికి పల్లం? నీళ్లు నిలిచే చోట్లను మ్యాప్‌లో పట్టే లెక్క

2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో టోలిచౌకి నదీమ్ కాలనీ నీట మునిగింది. అదే నెలలో గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఏ వీధి పల్లంలో ఉందో, ఎక్కడ నీళ్లు కదలవో ముందే గుర్తించడానికి ఒక పద్ధతి ఉంది. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, ఉపగ్రహ డేటా ఉంటే కాలేజీ విద్యార్థి కూడా ఈ పని చేయొచ్చు. కాకపోతే లెక్క ఎక్కడ తప్పుతుందో తెలిసి ఉండాలి.

రాస్టర్ అంటే గళ్ల కాగితం లాంటి మ్యాప్. ప్రతి గడిలో ఒక అంకె ఉంటుంది. ఎత్తుల రాస్టర్‌లో (దీన్ని డెమ్ అంటారు) ఆ అంకె సముద్ర మట్టం నుంచి నేల ఎత్తు. ఉచితంగా దొరికే కోపర్నికస్ డెమ్‌లో ఒక్కో గడి సుమారు 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు.

చాలామంది మొదటి తప్పు ఇక్కడే చేస్తారు. "500 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్నదంతా పల్లం" అని గీత గీసేస్తారు. హైదరాబాద్ సగటు ఎత్తే సుమారు 540 మీటర్లు. మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతుంది, నేల కూడా అటే వాలుతుంది. కాబట్టి ఆ గీత తూర్పున మూసీ ఒడ్డునే పట్టుకుంటుంది. చాదర్‌ఘాట్ దగ్గరి మూసీ ఒడ్డు కంటే టోలిచౌకి ఎత్తులోనే ఉంది, అయినా మునుగుతుంది. ఎందుకంటే అది తన చుట్టుపక్కల నేల కంటే పల్లం. నీటికి సముద్ర మట్టంతో పని లేదు, పక్క వీధితోనే పని.

అందుకే ముందుగా డెమ్‌ను మీటర్లలో కొలిచే EPSG:32644 ప్రొజెక్షన్‌లోకి, 30 మీటర్ల గడులతో మార్చాలి. డిగ్రీలలోనే వదిలేస్తే ఎత్తు మీటర్లలో, దూరం డిగ్రీలలో ఉండి వాలు లెక్క చెడిపోతుంది. వాలు మ్యాప్‌లో దాదాపు అన్ని గడులూ 90 డిగ్రీల దగ్గర కనిపిస్తే జరిగింది ఇదే.

తర్వాత r.neighbors టూల్‌తో ప్రతి గడి చుట్టూ 33 గడుల కిటికీలో సగటు ఎత్తు తీయాలి. 33ని 30తో గుణిస్తే 990 మీటర్లు, అంటే గడికి అటూ ఇటూ దాదాపు అర కిలోమీటర్. ఇక రాస్టర్ కాలిక్యులేటర్‌లో గడి ఎత్తులోంచి ఆ సగటును తీసేయాలి.

```
"dem@1" - "dem_mean@1"
```

జవాబు మైనస్‌లో వస్తే ఆ గడి చుట్టుపక్కల కంటే పల్లం. కిటికీ మరీ చిన్నదైతే రోడ్డు పక్క గుంత కూడా పల్లంగా కనిపిస్తుంది. మరీ పెద్దదైతే మూసీ లోయ మొత్తం పల్లమైపోతుంది.

ఇప్పుడు రీక్లాసిఫై, అంటే కొలతలను మార్కులుగా మార్చడం. పల్లానికి ఇలా మార్కులు వేయొచ్చు: సగటు కంటే 5 మీటర్లు లేదా అంతకు మించి కిందుంటే 3, రెండు నుంచి 5 మీటర్ల మధ్య కిందుంటే 2, రెండు మీటర్ల లోపు కిందుంటే 1, సగటు కంటే పైనుంటే 0. వాలుకు: ఒక డిగ్రీ లోపు 3, రెండు డిగ్రీల లోపు 2, నాలుగు లోపు 1, ఆపైన 0. నేల చదునుగా ఉన్నకొద్దీ నీళ్లు కదలవు, అందుకే మార్కు ఎక్కువ. ఈ హద్దులు అన్ని ఊళ్లకూ ఒకటి కావు, ఊరి నేలను బట్టి మార్చుకోవాలి.

మూడో పొర కట్టడాలది. సిమెంటు కప్పిన నేలలోకి నీళ్లు ఇంకవు. ఈసా సంస్థ వరల్డ్‌కవర్ మ్యాప్‌లో కట్టడాల కోడ్ 50. కాలిక్యులేటర్‌లో "wc@1" = 50 అని రాస్తే కట్టడమున్న గడికి 1, లేనిదానికి 0 వస్తుంది. చెరువుల నీటి భాగం కూడా అలాగే బయటికి పోతుంది. ఆ మ్యాప్ గడులు 10 మీటర్లవి, వాటిని 30కి మార్చేటప్పుడు "Nearest neighbour" పద్ధతే ఎంచుకోవాలి. సగటు తీసే పద్ధతి పెడితే పొలం కోడ్ 40, బీడు నేల కోడ్ 60 కలిసి 50 అవుతాయి, ఖాళీ చేను మీద కట్టడం మొలుస్తుంది.

మార్కులు వేశాక మూడు పొరలనూ కలపాలి. చాలామంది కూడేస్తారు. అలా చేస్తే ఏమవుతుందో మూడు గడులతో చూద్దాం. మొదటిది పల్లపు బస్తీ: చుట్టుపక్కల కంటే 6 మీటర్లు కింద, వాలు అర డిగ్రీ, మార్కులు 3, 3. రెండోది గుట్ట మీది చదును: 8 మీటర్లు పైన, వాలు అర డిగ్రీ, మార్కులు 0, 3. మూడోది ఓ మోస్తరు పల్లం: 3 మీటర్లు కింద, వాలు ఒకటిన్నర డిగ్రీ, మార్కులు 2, 2. కూడితే 6, 3, 4 వస్తాయి. గుట్ట మీది ఇల్లు, పల్లపు ఇల్లు దాదాపు పక్కపక్కనే నిలిచాయి! గుణిస్తే 9, 0, 4. గుట్ట లెక్కలోంచి పోయింది. నీళ్లు నిలవాలంటే పల్లమూ, చదునూ రెండూ ఉండాలి. ఒకటి సున్నా అయితే జవాబూ సున్నా కావాలి.

```
"palam@1" * "vaalu@1" * "kattadam@1"
```

జవాబు 0 నుంచి 9 వరకే ఉంటుంది. 6, 9 వచ్చిన గడులను ఎర్రగా చూపిస్తే సరి. గరిష్ఠం 9 దాటి కనిపిస్తే రీక్లాసిఫై పట్టికలో ఏదో హద్దు తప్పిపోయిందని అర్థం. ఏ వరుసలోనూ పడని అంకెను "Reclassify by table" టూల్ ఉన్నది ఉన్నట్టే వదిలేస్తుంది. మ్యాప్‌లో ఖాళీ మచ్చలు కనిపిస్తే ఏదో ఒక పొరలో అక్కడ డేటా లేదన్నమాట. ఒక్క పొరలో లేకున్నా జవాబు రాదు. ఆ ఖాళీని "ముప్పు లేదు" అని చదవకూడదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇళ్లు కిక్కిరిసిన మొహల్లాలలో ఉంది. కోపర్నికస్ డెమ్ నేలను కాదు, పైనుంచి కనిపించేదాన్ని కొలుస్తుంది. గోడకు గోడ ఆనించి కట్టిన మూడంతస్తుల ఇళ్లున్న చోట ఇంటి కప్పులే నేలగా నమోదవుతాయి. అంటే ఎక్కువమంది ఉండే పల్లపు బస్తీయే మ్యాప్‌లో ఎత్తుగా కనిపించి ఎరుపులోంచి జారిపోవచ్చు. చెట్లు, భవనాల ఎత్తు తీసేసి తయారు చేసిన ఫ్యాబ్‌డెమ్ వాడితే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది. పరిశోధన, చదువు అవసరాలకు అది ఉచితమే.

మ్యాప్ సరిగ్గా వచ్చిందా లేదా అనేది మునిగిన చోట్లే చెబుతాయి. 2020లో నీళ్లు నిలిచిన వీధులను దాని మీద గుర్తు పెట్టి, ఎన్ని ఎరుపులో పడ్డాయో లెక్కపెట్టాలి. పడకపోతే హద్దులు మార్చి మళ్లీ చూడాలి. ఆ సంవత్సరం నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఆ గల్లీ పెద్దలకు బాగా గుర్తుంటుంది, వాళ్లను అడగాలి. అయితే చెరువు కట్ట తెగడాన్ని, నాలా పూడిపోవడాన్ని ఈ లెక్క ముందే చెప్పలేదు. వచ్చిన నీళ్లు ఎక్కడ ఆగుతాయో మాత్రమే చెబుతుంది.

ఇల్లు కొనేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక గడి 900 చదరపు మీటర్లు, అంటే వెయ్యి గజాలకు పైనే. 120 గజాల ప్లాట్లు ఎనిమిది దాకా అందులో పడతాయి. గడి ఎర్రగా ఉందని అందులోని ప్రతి ఇల్లూ మునుగుతుందని కాదు, ఎరుపు లేదని ఏ ఇంటికీ హామీ కూడా లేదు. ఎరుపు కనిపిస్తే ఆ గల్లీలో నాలా ఎటు పోతుందో, ఎంత వెడల్పుందో వానాకాలంలో ఒకసారి వెళ్లి చూసి రావాలి. బయానా ఇచ్చేది ఆ తర్వాతే.